కొలతల చీటీ

నాకు ‘కుదరదు’ అనే మాట నోట్లోంచి రాదు. గొంతు దాకా వస్తుంది, అక్కడ ఆగి, ‘చూస్తానండి’ అయి బయటపడుతుంది. ఆ చూస్తానండి నా కొంప ఎన్నిసార్లు ముంచిందో లెక్కలేదు. అయినా బుద్ధి రాలేదు.

నేను పుస్తకాలకు పేజీలు కడతాను. రాసినవాళ్ళ ఫైలూ, గీసినవాళ్ళ బొమ్మలూ నా దగ్గరకు వస్తాయి. ఏ పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలో తేల్చి ప్రెస్సుకు పంపడం నా పని. ఎవరి దగ్గరా ఉద్యోగిని కాను. కిటికీ పక్కన ఒక బల్ల, రెండు తెరల కంప్యూటరు, గోడకు ఒక పెద్ద క్యాలెండరు, ఇదీ నా ఆఫీసు. పక్క గదిలో మా అత్తయ్య కుట్టుమిషను. ఆవిడ ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి మానేశారు. మానేశారు అంటే ఊరి వాళ్ళకి మానేశారని అర్థం, మా ఇంట్లో ఒక్క కర్టెనూ ఆవిడ చేతి నుంచి తప్పించుకోలేదు.

ఆ రోజు పొద్దున్న పదింటికి మాస్టారు ఫోన్ చేశారు. ఆయన ఒకప్పుడు పాఠాలు చెప్పేవారు, ఇప్పుడు చేతివృత్తులు నేర్చుకునేవాళ్ళకి పుస్తకాలు ప్రచురిస్తారు. తొమ్మిదేళ్ళుగా ఆయన పుస్తకాలన్నీ నేనే కట్టాను. నాకొచ్చే పనిలో సగం ఆయనదే.

“అమ్మాయ్, కరెంటు పనివాళ్ళ పుస్తకం సిద్ధమైంది. మూడొందల ఎనభై నాలుగు పేజీలు. తొంభై నాలుగు పట్టికలు. ఆరు వారాల్లో ప్రెస్సులో ఉండాలి. శిక్షణ కేంద్రాలు తెరిచేలోపు అందాలి కదా. నువ్వుంటే నాకు దిగుల్లేదు,” అన్నారు.

నేను క్యాలెండరు వైపు చూశాను. రాబోయే ఏడు వారాల గళ్ళూ ఆకుపచ్చ సిరాతో నిండి ఉన్నాయి. నా పద్ధతిలో పెన్సిలుతో రాస్తే బేరం, సిరాతో రాస్తే మాట. ఆ సిరా అంతా ఒక్క పుస్తకానిది, వినికిడి లేని పిల్లల బడి కోసం సైగల బొమ్మల నిఘంటువు. ఆరువందల నలభై బొమ్మలు, ఒక్కో మాట పక్కన దాని సైగ.

“చూస్తానండి,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక నా తల నేనే బల్లకేసి కొట్టుకుందామనిపించింది. ఎందుకంటే ఆ సిరా ఊరికే పడింది కాదు. అంతకు ముందు ఏడాది అదే బడికి నలభై బొమ్మల చిన్న పుస్తకం ఒకటి, నమూనాగా, కట్టి ఇచ్చాను. అప్పుడు చేతిలో ఇంకో రెండు పనులున్నాయి, రెండూ ఇలాగే ‘చూస్తానండి’తో ఒప్పుకున్నవి. పేజీలు కట్టేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. బొమ్మలో మనిషి పేజీ బయటికి చూస్తుంటే బాగుండదని బొమ్మను అద్దంలోలా తిప్పేసి లోపలికి చూసేలా పెడతాం. చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది, బుర్రను అడగదు. అలా హడావుడిలో పదకొండు బొమ్మలు తిప్పాను. పువ్వుల పుస్తకమైతే ఎవరికీ పట్టదు. సైగల పుస్తకంలో కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది. ‘ఎడమ’ అనే మాట పక్కన పిల్ల కుడివైపు చూపిస్తోంది.

ఆ బడి టీచరమ్మ నన్నేమీ అనలేదు. ఆవిడకూ వినిపించదు. ఒక కాగితం మీద రాసి చూపించారు: ‘పిల్లలు పుస్తకం తప్పనుకోలేదు. తామే తప్పు నేర్చుకున్నామనుకున్నారు.’ అది చదివి నాకు తల తీసేసినట్టయింది. పెద్ద పుస్తకం పని మళ్ళీ నాకే ఇచ్చినప్పుడు ఆవిడ కళ్ళలోకి చూసి, కాగితం మీద రాసి, ఒక మాట ఇచ్చాను. ఈసారి పక్కన ఇంకో పని ఉండదు. ఒక్క బొమ్మా తిరగదు.

ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకుంటే మాస్టారి పని పోతుంది. మాస్టారిని నిలబెట్టుకుంటే ఆ మాట పోతుంది. లెక్క వేసి చూశాను. మాస్టారి పుస్తకానికి రోజుకు ఇరవై పేజీల చొప్పున ఇరవై రోజులు, రెండుసార్లు దిద్దుబాట్లకు ఇంకో ఎనిమిది. ఎంత సాగదీసినా రెండు పుస్తకాలూ ఒక మనిషిలో పట్టవు.

అందుకని వెంటనే ఆయనకు మెయిల్లో ఉత్తరం రాశాను. ఎంత మంచి ఉత్తరమో. మొదటి పేరాలో తొమ్మిదేళ్ళ అనుబంధం, రెండో దాంట్లో ఆయన పుస్తకాల గొప్పతనం, మూడో దాంట్లో ప్రస్తుతం కాస్త ఒత్తిడిగా ఉందనీ, మామూలుగా అయితే కళ్ళకద్దుకుని చేసేదాన్ననీ, ఏమాత్రం వీలు చిక్కినా ఆలోచిస్తాననీ. చివర్లో రెండుసార్లు క్షమాపణ. గంటంపావు పట్టింది. పంపేసి హాయిగా ఊపిరి తీసుకున్నాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ‘నీ అభిమానానికి సంతోషం. ఒత్తిడి నాకు అర్థమవుతుంది, అందుకే నిన్ను తొందరపెట్టను, సోమవారం ఫైళ్ళు పంపిస్తాను.’

ఫోన్ పట్టుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి నా ఉత్తరం మొత్తం చదివారు. తర్వాత ఇంకోసారి చదివారు.

“ఇందులో కుదరదని ఎక్కడుందే?”

“అదే కదత్తయ్యా, మూడో పేరాలో.”

“మూడో పేరాలో నువ్వు ఆయన్ని బతిమాలుకుంటున్నావు. ఆయన పెద్దమనసు చేసుకుని సరే అన్నాడు. ఇందులో ఆయన తప్పేముంది?”

ఆవిడ మిషను మీద బట్ట పక్కకి తోసి కూర్చోమన్నారు.

“నేను కుట్టేటప్పుడు పనెక్కువైతే ఏం చేసేదాన్నో తెలుసా? గుమ్మంలోనే చెప్పేదాన్ని, అమ్మా, నా చేత కాదు, చేతిలో ఇన్ని ఉన్నాయి అని. అది ముందు. తర్వాత పక్క వీధిలో ఒకావిడ ఉండేది, చొక్కాలు నాకంటే బాగా కుట్టేది. ముందు ఆవిడ దగ్గరకి నేనే వెళ్ళి అడిగేదాన్ని, నీకు ఖాళీ ఉందా, పంపించనా అని. ఉందంటేనే పంపేదాన్ని. ఊరికే పంపేదాన్ని కాదు. నా పుస్తకంలోంచి ఆ మనిషి కొలతలు చీటీ మీద రాసిచ్చేదాన్ని. భుజం ఇంత, చెయ్యి ఇంత, మెడ దగ్గర బిగుతు గిట్టదు. అక్కడికెళ్ళి మళ్ళీ మొదట్నుంచి నిలబడి కొలిపించుకునే పని లేకుండా.”

“వాళ్ళు మళ్ళీ మీ దగ్గరకి వచ్చేవాళ్ళా?”

“కొందరు వచ్చేవాళ్ళు. కొందరు ఆవిడ దగ్గరే ఉండిపోయారు,” అన్నారు అత్తయ్య. “నువ్వు ఆ సంగతి అడుగుతావని తెలుసు. అందుకే చెబుతున్నా, అబద్ధం చెప్పను. పోయినవాళ్ళు పోయారు. కానీ ఒక్కళ్ళ బట్టా నా చేతిలో పాడవలేదు.”

పక్క వీధి ఆవిడ లాంటి మనిషి నాకూ ఒకతె ఉంది. ఒకప్పుడు ఒకే ప్రెస్సులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. అందరం ఆమెని కొలబద్ద అనేవాళ్ళం. అర మిల్లీమీటరు తేడా వస్తే ఆమెకి అన్నం సహించదు. పట్టికల్లో నేను ఆమె కాలిగోటికి కూడా సరిపోను. ఇది వినయం కాదు, నిజం, అందుకే ఆ ఫోన్ చేయడానికి అరగంట తటపటాయించాను. బాగా చేసే మనిషిని పంపితే మాస్టారు అక్కడే ఉండిపోతారు. బాగా చేయని మనిషిని పంపడానికి మనసు రాదు.

“నీకు ఈ ఆరు వారాలు ఖాళీ ఉందా?” అన్నాను. మాస్టారి పేరు చెప్పలేదు. ఆయన ఒప్పుకోకుండా ఆయన సంగతులు ఇంకొకరికి చెప్పకూడదు. ఎన్ని పేజీలు, ఎన్ని పట్టికలు, ఎప్పటికి కావాలి, అంతే చెప్పాను.

“గురువారం నుంచి ఖాళీ. శనాదివారాలు చెయ్యను. మచ్చుకి పది పేజీలు చూడకుండా ఒప్పుకోను,” అంది కొలబద్ద. మళ్ళీ తనే, “నీ పాత క్లయింటే కదా? నాకెందుకిస్తున్నావు? భయం లేదా?” అంది.

“ఉంది. బోలెడు.”

“మరి?”

“మాట ఇచ్చిన పని ఒకటుంది, అన్నీ చేతుల బొమ్మలు, ఒక్కటీ అద్దంలోలా తిరగకూడదు. ఆయన పుస్తకం సగం నిద్రలో చేసిస్తే ఆయనకీ అన్యాయమే.”

“మధ్యలో నీకేమైనా కావాలా?”

“నాకేమీ వద్దు. నీ రేటు నువ్వు చెప్పుకో, ఆయనతో నువ్వే మాట్లాడుకో. నేను మధ్యలో ఉండను.”

“సరే, నా నంబరు ఇవ్వు,” అంది, నవ్వు వినిపించేలా.

ఆ మధ్యాహ్నం కూర్చుని కొలతల చీటీ రాశాను. మాస్టారి పుస్తకాలకు వాడే అక్షరాల సైజులు, అంచుల కొలతలు, శీర్షికల రంగు, ఆయన ప్రెస్సు అడిగే ఫైలు తీరు, తొమ్మిదేళ్ళుగా వాడుతున్న మూస పేజీల జాబితా. తర్వాత ఎక్కడా రాసి ఉండని సంగతులు కూడా. ఆయన తెర మీద చదవరు, ప్రూఫు కాగితం మీద ఇవ్వాలి. దిద్దుబాట్లు ఎర్ర పెన్సిలుతో చేస్తారు, ఆ పెన్సిలు మొద్దు, అంకెలు ఒకటికి రెండుసార్లు అడగాలి. హెచ్చరిక గుర్తు ఎప్పుడూ పేజీ పైనే ఉండాలంటారు, ఆ విషయంలో వాదించొద్దు. నా తొమ్మిదేళ్ళు రెండు పేజీల్లో పట్టేశాయి.

మర్నాడు పొద్దున్నే మాస్టారి ఆఫీసుకి వెళ్ళాను. సోమవారం దాకా ఆగితే ఆయన ఆరు వారాల్లో ఒక వారం నేనే తినేసినట్టు. ఆయన గదిలో కుర్చీల మీద కూడా పుస్తకాల కట్టలే. ఒక కట్ట దించి నాకు చోటిచ్చారు.

కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే మెత్తబడతానని నాకు తెలుసు.

“మాస్టారూ, ఈ పుస్తకం నేను చెయ్యలేను. ఏడు వారాలు నా చేతిలో ఖాళీ లేదు. నిన్నటి నా ఉత్తరం తప్పుగా రాశాను, నేరుగా చెప్పలేక మెలికలు తిప్పాను. మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది.”

ఆయన కళ్ళజోడు తీశారు.

“ఒక్క మూడు వారాలు వెనక్కి జరుపుకోలేవా, ఆ ఇంకో పని?”

“జరపలేనండి. అది సిరాతో రాసుకున్న పని.”

“అయితే నా పని పెన్సిలన్నమాట.”

చురుక్కుమంది. ఒకప్పుడైతే అక్కడే చేతులు జోడించి, రాత్రుళ్ళు కూర్చుని చేస్తానండి అనేదాన్ని. నాలిక చివరిదాకా వచ్చింది. టీచరమ్మ కాగితం గుర్తొచ్చింది. మింగేశాను.

“మీ పని నాకు ఎప్పుడూ పెన్సిలు కాదు. అందుకే సగం సగం చెయ్యనంటున్నాను. ఈ పుస్తకం నాకంటే బాగా చేసే మనిషి ఒకరున్నారు. అడిగాను, గురువారం నుంచి ఖాళీ ఉందన్నారు. మీ పేరు చెప్పలేదు. మీరు సరేనంటే ఇప్పుడే మాట్లాడిస్తాను. వద్దంటే మానేద్దాం.”

“పదిమంది పేర్లు ఇచ్చి వదిలించుకునేవాళ్ళని చూశాను,” అన్నారు మాస్టారు.

“నేను ఒక్క పేరే తెచ్చాను.”

నేను చేతికిచ్చిన చీటీ ఆయన చదివారు. మొద్దు పెన్సిలు దగ్గరికి వచ్చేసరికి మీసం కింద ఏదో కదిలింది. “కలుపు,” అన్నారు.

ఫోన్ బల్ల మీద పెట్టి, ఒకరినొకరికి పరిచయం చేసి, నేను గోడకు ఆనుకున్నాను. కొలబద్ద మర్యాదలు రెండు ముక్కల్లో ముగించి, పెద్ద పట్టిక ఏదైనా ఒకటి ఎలా ఉంటుందో చెప్పమంది. నలభై ఒకటో పట్టిక, తీగల మందాలు, రెండు పేజీల వెడల్పు అని ఆయన చెప్పారు.

“ఒక్క ప్రశ్నండి. మీ విద్యార్థులు పుస్తకం చేత్తో పట్టుకుని చదువుతారా, బల్ల మీద పెట్టి చదువుతారా?”

“బల్ల మీదే. రెండు చేతుల్లోనూ పనిముట్లుంటాయి.”

“అయితే పుస్తకం మధ్య మడతలో పడే అంకె వాళ్ళకి కనపడదు. పేజీ ఒత్తి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. పట్టికని ఆ మడత దగ్గర విడదీసి, మొదటి నిలువు వరస రెండో పేజీలో మళ్ళీ వెయ్యాలి. బైండింగు కూడా, పరిచి పెడితే మూసుకోనిది అడగండి. ముందే అడిగితే ప్రెస్సువాళ్ళు ఒప్పుకుంటారు.”

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న నేను ఒక్కసారీ అడగలేదు. మాస్టారు ఎర్ర పెన్సిలు తీసి ‘మడత’ అని రాసుకున్నారు. మచ్చుకి పది పేజీలు, వాటితో పాటు నా చీటీ కూడా, ఆ సాయంత్రమే పంపుతానన్నారు.

నేను గుమ్మం దాటుతుంటే, “నువ్వు మంచి మనిషినే పట్టుకొచ్చావు,” అన్నారు. తర్వాత తలెత్తకుండానే, “ఇక నీ అవసరం నాకు ఉండకపోవచ్చేమో అమ్మాయ్,” అన్నారు. కోపంతో అన్నారో, నిజంగానే అన్నారో మొహం కనపడలేదు.

ఆ తర్వాత ఏడు వారాలు నాకు గుర్తున్నంత ప్రశాంతంగా ఎప్పుడూ పనిచేయలేదు, అంత దిగులుగానూ చేయలేదు. రోజుకు ఇరవైమూడు బొమ్మలు, అంతే. కీబోర్డులో బొమ్మను అద్దంలోలా తిప్పే మీట మీద అత్తయ్య చిన్న ఎర్ర గుడ్డముక్క కత్తిరించి, టేపుతో అంటించారు. ప్రతి శుక్రవారం బడికి వెళ్ళి ఆ వారం పేజీలు పిల్లల ముందు పరిచేదాన్ని. వాళ్ళు ఒక్కో బొమ్మ చూసి అదే సైగ చేసేవాళ్ళు, టీచరమ్మ టిక్కు పెట్టేవారు. నాకూ కొన్ని సైగలు వచ్చేశాయి. ‘అన్నం’, ‘వాన’, ‘మళ్ళీ చెప్పు’.

మాస్టారు ఫోన్ చేయలేదు. పండ్ల దుకాణం దగ్గర ఒకసారి కొలబద్ద కనిపించింది. ఎలా ఉందని అడగబోయి ఆగాను. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. ఆయన పని ఇప్పుడు ఆమెది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అరటిపళ్ళ ధర మాట్లాడుకుని విడిపోయాం. క్యాలెండరులో ఆకుపచ్చ సిరా దాటిన తర్వాతి గళ్ళు చాలా తెల్లగా కనిపించేవి. చిన్నాచితకా పనులు వచ్చి కొన్ని నిండాయి.

పేజీలు ప్రెస్సుకు పంపిన మూడో వారం, శుక్రవారం నాడు, అచ్చయిన నిఘంటువు బడికి వచ్చింది. టీచరమ్మ ఒక చిన్నపిల్ల చేతికిచ్చి, ‘ఎడమ’ ఉన్న పేజీ తీశారు. ఆ పిల్ల బొమ్మను చూసింది, తన చెయ్యి చూసుకుంది, ఎడమవైపు చూపించింది. సరిగ్గా అదే. తర్వాత నా వైపు తిరిగి, నాకు రాదేమోనని, నా చెయ్యి పట్టుకుని ఎడమవైపు తిప్పింది. ఆరువందల నలభైలో ఒక్కటీ తిరగలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. గంతేశాను కూడా. పిల్లలు అది సైగ అనుకుని అందరూ గంతేశారు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు పెద్ద చెప్పులున్నాయి. ముందు గదిలో మాస్టారు, ఎదురుగా అత్తయ్య, మధ్యలో బల్ల మీద లావుపాటి పుస్తకం వెల్లకిలా తెరిచి ఉంది. ఎవరూ పట్టుకోలేదు, అయినా మూసుకోలేదు. నలభై ఒకటో పట్టిక. మడతలో ఒక్క అంకె కూడా పడలేదు.

“చూశావా,” అన్నారు మాస్టారు. “శిక్షణ కేంద్రంవాళ్ళు ఇంతవరకూ ఇలాంటి పుస్తకం చూడలేదన్నారు. అనుకున్న రోజుకు రెండు రోజులు ముందే ఇచ్చింది ఆవిడ.”

“చాలా సంతోషం మాస్టారూ,” అన్నాను. నిజంగానే సంతోషం. కొంచెం కడుపుమంట కూడా. పుస్తకం చూపించి వీడ్కోలు చెప్పడానికే వచ్చారనుకున్నాను.

“తర్వాతి పుస్తకం కూడా ఆవిడకే ఇద్దామని అడిగాను. ప్రథమ చికిత్స మీద. కట్లు కట్టడం, గుండె మీద నొక్కడం, అన్నీ బొమ్మలే, మూడొందలు. ఒప్పుకోలేదు.”

“ఖాళీ లేదా?”

“ఉంది. అయినా ఒప్పుకోలేదు. ఇది నా పని కాదు, ఇందులో చేతులున్నాయి, ఏ చెయ్యి ఎటుండాలో నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, నువ్వు ఒక్క బొమ్మా తిప్పవు, అంది. అని ఇది ఇచ్చింది.”

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. నా కొలతల చీటీయే. అడుగున కొలబద్ద సన్నని అక్షరాల్లో నాలుగు వరసలు కలిపింది. ‘బల్ల మీద పరిచి చదివే పుస్తకాలు: మడత చూసుకో. మెచ్చుకోవాలనుకుంటే దగ్గుతారు. మొద్దు పెన్సిలు బాధ తీరింది, చెక్కుకునే మర కొనిచ్చాను. ఇక నీ పని సులువు.’

అత్తయ్య చీటీ తీసుకుని చదివి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఆ రోజు గుమ్మంలో ఒక మాటన్నాను,” అన్నారు మాస్టారు. “అది కోపం. నువ్వు ఆ చూస్తానండి మీదే ఉండిపోయి ఉంటే, ఏ నాలుగో వారానికో ఏడుస్తూ ఫోన్ చేసేదానివి. నేను మునిగేవాణ్ణి. ఆ మాట మర్చిపో.” ఒకసారి దగ్గారు. “వచ్చే సోమవారం ఫైళ్ళు పంపనా?”

నేను తలుపులోంచి నా గది గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

“కుదరదండి,” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. “ఇరవై రెండో తారీఖు నుంచి అయితే మొత్తం మీదే.”

మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు. మొన సూదిలా ఉంది. తన డైరీ తెరిచి, “ఇరవై రెండు,” అని రాసుకున్నారు. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి, మా అత్తయ్య వైపు చూసి, “అమ్మా, మీ దగ్గర సిరా పెన్ను ఉందా?” అని అడిగారు.